ఏఐ రాసిన రెజ్యూమెలో మీ పని కనిపించేలా చేయడం ఎలా

బెంగళూరులో ఒక ఐటీ ఉద్యోగానికి ప్రకటన వేస్తే సాయంత్రానికల్లా వందల రెజ్యూమెలు వచ్చి పడతాయి. కొంతకాలంగా వాటిలో అనుభవం గురించి రాసిన భాగం అంతా ఒకరే రాసినట్టు ఉంటోంది. ప్రతి పాయింటూ ఒక బరువైన క్రియతో మొదలవుతుంది, మధ్యలో రెండు టెక్నాలజీల పేర్లు వస్తాయి, చివర ముప్పై శాతమో నలభై శాతమో మెరుగుదల ఉంటుంది. మనుషులు వేరు, కంపెనీలు వేరు, చేసిన పనులు వేరు, వాక్యం మాత్రం ఒకటే. రిక్రూటర్‌గా నేను రోజూ చదివేది ఇదే. నిజంగా మంచి పని చేసినవాళ్లు కూడా ఈ వాక్యాల వెనుక కనబడకుండా పోతున్నారు. మారతహళ్లిలోనో, బీటీఎం లేఅవుట్‌లోనో పీజీ గదిలో కూర్చుని, మూడు నాలుగేళ్ల అనుభవంతో కంపెనీ మారదామని రెజ్యూమె దిద్దుకుంటున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మీ రెజ్యూమెను ఎవరు, ఏ వరుసలో చూస్తారు

దిద్దడం మొదలుపెట్టే ముందు ఈ సంగతి తెలియాలి. మన దేశంలో ఐటీ ఉద్యోగాలకు రిక్రూటర్లు ఎక్కువగా వాడేది నౌకరీ వారి రెస్‌డెక్స్. అందులో మేము కావలసిన నైపుణ్యాల పేర్లు టైపు చేస్తాం, వాటిలో తప్పనిసరివి ఏవో గుర్తు పెడతాం. ఆపైన ఎన్నేళ్ల అనుభవం, ఏ ఊరు, ఎంత జీతం, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు అనే వడపోతలు వేస్తాం. అప్పుడు ఒక జాబితా వస్తుంది. ఆ జాబితాలో మాకు కనిపించేది మీ ప్రస్తుత హోదా, కంపెనీ, జీతం, నోటీస్ పీరియడ్, నైపుణ్యాల పేర్లు. మీరు రాత్రంతా కూర్చుని రాసిన పాయింట్లు ఆ దశలో మా కంటికి రావు. జాబితాలో మీ పేరు మీద నొక్కి రెజ్యూమె తెరిచినప్పుడే అవి కనిపిస్తాయి.

కంపెనీ వెబ్‌సైటులో నేరుగా దరఖాస్తు చేస్తే అది వర్క్‌డే, గ్రీన్‌హౌస్, డార్విన్‌బాక్స్ వంటి ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళుతుంది. ఏటీఎస్ అని అందరూ భయపడేది దీని గురించే. అది మీ ఫైలును మామూలు అక్షరాలుగా విడదీసి పేరు, కంపెనీలు, తేదీలు, నైపుణ్యాలు వేర్వేరు గళ్లలో పెడుతుంది. రిక్రూటర్ వెతికితే దొరికేలా ఉంచుతుంది. కొన్ని వ్యవస్థలు ఉద్యోగ ప్రకటనకు, అంటే జేడీకి, రెజ్యూమె ఎంత దగ్గరగా ఉందో మార్కులు కూడా వేస్తాయి. దరఖాస్తు ఫారంలో అడిగే ప్రశ్నలకు మీరిచ్చిన జవాబులను బట్టి ఆటోమేటిక్‌గా తిరస్కరించే ఏర్పాటు కూడా ఉంటుంది. కానీ ‘ఇది ఏఐ రాసింది’ అని పట్టుకుని పక్కన పెట్టడం సాధారణంగా వాటి పని కాదు. రెండు లైన్ల పాయింటు చూసి దాన్ని ఎవరు రాశారో నమ్మకంగా చెప్పగల సాధనం కూడా లేదు.

అలాంటప్పుడు అందరిదీ ఒకేలా ఉంటే నష్టమేమిటి? అందరూ అదే జేడీని ఏఐకి ఇచ్చి, దానికి తగ్గట్టు రెజ్యూమె రాయించుకుంటారు. అందువల్ల అందరి రెజ్యూమెలోనూ అవే పదాలు ఉంటాయి, అందరికీ దగ్గరదగ్గర మార్కులే పడతాయి. వడపోత ఎవరినీ వేరు చేయదు. రిక్రూటర్ చేతిలో మూడు వందల పేర్లు అలాగే ఉండిపోతాయి, సాయంత్రంలోగా వాటిని ఇరవైకి తగ్గించాలి. పాయింట్లు చదివి తేడా తెలుసుకునే వీలు లేనప్పుడు రిక్రూటర్ ఏం చూస్తాడు? ఇప్పుడు ఏ కంపెనీలో ఉన్నారు, ఏ కాలేజీలో చదివారు, నోటీస్ పీరియడ్ ముప్పై రోజులా తొంభై రోజులా, లోపల ఎవరైనా సిఫారసు చేశారా, ఇవే చూస్తాడు. వీటిలో ఏదీ మీరు ఈ రాత్రి మార్చగలిగేది కాదు. మీరు మార్చగలిగిన ఒకే ఒక్క భాగాన్ని ఏఐ అందరితో సమానం చేసి పెడుతోంది. నా ఆవేదన అంతా దాని గురించే.

బెంగళూరుకు సంబంధించి ఇంకో మాట కూడా చెప్పాలి. చాట్‌జీపీటీ రాకముందు కూడా ఒకేలా ఉండే రెజ్యూమెలు మాకు వచ్చేవి. ఇక్కడి శిక్షణ కేంద్రాల్లోనూ, అమీర్‌పేటలోనూ ఒక బ్యాచ్ మొత్తానికి ఒకే నమూనా పంచేవారు. లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపిన రెజ్యూమెలు చాలావరకు వాటిలోనే ఉండేవి. అందుకే కొన్నేళ్లు ఈ పనిలో ఉన్న రిక్రూటర్‌కు అచ్చుగుద్దినట్టున్న వాక్యం కనబడగానే ముందు కలిగేది అనుమానమే, ‘ఈ అనుభవం నిజమేనా’ అని. మీరు నిజాయితీగా మూడేళ్లు పనిచేసి ఉండవచ్చు. వాక్యాన్ని ఏఐ రాసిందన్న ఒక్క కారణానికి ఆ పాత అనుమానం మీ మీద పడుతుంది.

ఏఐ వాక్యం ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక అమ్మాయి మూడేళ్లుగా ప్రొడక్షన్ సపోర్టులో, ఎల్2 స్థాయిలో పనిచేస్తోంది. ఒక బ్యాంకుకు రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబ్‌లను చూసుకుంటుంది. తన హోదా, జేడీ ఇచ్చి రెజ్యూమె రాయమంటే ఏఐ ఇలా రాస్తుంది:

```
Spearheaded production support initiatives, leveraging Unix
and SQL to streamline batch operations, resulting in a 30%
reduction in incidents.
```

చదవడానికి బాగుంది. ఇప్పుడు ఒక్కొక్క ముక్కనూ అడగండి. మొదటి మాట చూస్తే తానే ముందుండి నడిపించినట్టుంది, మూడేళ్ల ఎల్2 ఉద్యోగి దేన్ని నడిపించింది? ఏ పని మొదలుపెట్టింది? యూనిక్స్‌తో ఏం చేసింది? ముప్పై శాతం దేనిలో ముప్పై, ఏ నెల నుంచి ఏ నెలకు? ఒక్క ప్రశ్నకూ జవాబు లేదు.

ఏఐ ఇలాగే ఎందుకు రాస్తుందంటే దానికి కారణం ఉంది. గూగుల్‌లో మానవ వనరుల విభాగానికి అధిపతిగా పనిచేసిన లాస్లో బాక్ 2014లో ఒక సూత్రం చెప్పారు. ఏం సాధించారు, దాన్ని ఏ కొలతతో చూపగలరు, ఏం చేసి సాధించారు అనే మూడూ ఒక వాక్యంలో ఉండాలన్నది దాని సారం. మంచి సూత్రమే, ప్రపంచమంతా వ్యాపించింది. రెజ్యూమె సలహాలన్నీ చదివి నేర్చుకున్న ఏఐకి ఆ మూస బాగా ఒంటపట్టింది. కానీ మీ కొలత దానికి తెలియదు. మూసలో ఖాళీ మిగలకూడదు కాబట్టి ఎక్కువమంది రాసే అంకెను అక్కడ పెట్టేస్తుంది. మీరు చేసిన పని కూడా దానికి తెలియదు, అందుకని మీ హోదాలో ఉన్నవాళ్లు మామూలుగా చేసే పనిని రాస్తుంది. అదే హోదా, అదే జేడీ ఇచ్చిన పక్క గది అబ్బాయికీ దాదాపు అదే వస్తుంది.

మొదటి పని: ఏఐని తెరవకుండా, తెలుగులో రాసుకోండి

మిగతా పనులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. కాగితం తీసుకుని, మీ పని తెలియని అన్నయ్యకో అక్కకో ఫోనులో చెబుతున్నట్టు రాయండి. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే చేయి దానంతటదే రెజ్యూమె భాషలోకి వెళ్లిపోతుంది, అందుకే తెలుగులో రాయమంటున్నాను. మీరు వచ్చేసరికి ఏ పని ఎలా జరిగేది? ఎక్కడ తరచూ చెడిపోయేది? దానికి మీరు మీ చేతులతో ఏం చేశారు? తర్వాత ఏం మారింది? ఈ నాలుగింటికీ జవాబు వస్తే చాలు.

మన ఉదాహరణలోని అమ్మాయి ఇలా రాసుకుందనుకోండి: ‘రాత్రి ఈఎంఐ బ్యాచ్‌లో కంట్రోల్-ఎం జాబ్‌లు నూట నలభై దాకా ఉంటాయి. వేరే టీం పంపాల్సిన ఫైళ్లు పన్నెండున్నరకు రావాలి. ఒక్కోసారి రావు. మూడింటికి జాబ్ మొదలై ఫైలు లేక ఫెయిలయ్యేది, అప్పుడు మమ్మల్ని నిద్ర లేపేవారు. నేను ఒక షెల్ స్క్రిప్టు రాశాను. ఒంటిగంటకే ఫైళ్లు వచ్చాయో లేదో చూసి, రాకపోతే పంపాల్సిన టీంకు మెయిల్ వెళుతుంది. మూడయ్యేలోపు వాళ్లు పంపేస్తున్నారు.’

ఆమె రెజ్యూమెకు కావలసిన అసలు విషయం ఇందులో ఉంది. ఇది ఇంకెవరి రెజ్యూమెలోనూ ఉండదు, ఏ ఏఐ ఊహించి రాయలేదు.

పాత సంగతులు గుర్తుకు రాకపోతే టికెట్లు, రిలీజ్ నోట్సు, అప్రైజల్ కోసం మీరే రాసిచ్చిన వివరాలు తిరగేయండి. అయితే కంపెనీ సమాచారాన్ని సొంత మెయిల్‌కు పంపుకోవద్దు, టికెట్‌లోని పాఠాన్ని బయటి ఏఐలో అతికించవద్దు. తెర మీద చూసి లెక్క మాత్రం రాసుకోండి. క్లయింటు పేరు బయటపెట్టకూడదన్న నిబంధన ఉంటే ‘ఒక బ్యాంకు’ అంటే సరిపోతుంది.

రెండో పని: సగటు వాక్యాలను కావాలనే రాయించి, వాటిని కొట్టేయండి

ఇప్పుడు ఏఐని తెరవండి. మీ నోట్సు ఇవ్వకండి. మీ హోదా, అనుభవం, జేడీ మాత్రమే ఇచ్చి పది పాయింట్లు రాయమనండి. కొత్త చాట్‌లో మళ్లీ ఒకసారి అడగండి. రెండుసార్లు వచ్చినవి పక్కపక్కన పెడితే, ఆ ఉద్యోగానికి దరఖాస్తు చేసే మిగతావాళ్ల రెజ్యూమెలో ఏముంటుందో మీకు ముందే తెలిసిపోతుంది. ఇప్పుడు మీ రెజ్యూమెలో ఉన్న పాయింట్లను వాటితో పోల్చండి. మీ గురించి ఏమీ తెలియకుండా ఏఐ రాయగలిగిన పాయింటు మీ గురించి ఏమీ చెప్పడం లేదని అర్థం. దాన్ని కొట్టేయండి. మాటలు కాస్త మారినా విషయం అదే అయితే అదీ తీసేయాలి. ఇలా చేశాక పది పాయింట్లలో మూడే మిగిలితే మూడే ఉంచండి. తెరిచి చదివే రిక్రూటర్‌కు ఆ మూడే కావాలి.

మూడో పని: వాక్యం కట్టడం

మన అమ్మాయి నోట్సుకు ఆమె వాడే మిగతా సాధనాల పేర్లు, టికెట్ల నుంచి తీసిన లెక్క కలిపితే ఈ రెండు పాయింట్లు వస్తాయి:

```
L2 support for a bank's nightly EMI batch: about 140
Control-M jobs, Oracle, Unix.

Wrote a shell script that checks at 1 AM for missing input
files and mails the source team; late-file incidents fell
from 18 a month to 5.
```

మొదటి పాయింటులో గొప్ప ఏమీ లేదు, ఉండనక్కర్లేదు. పని ఎంత పెద్దదో, ఏ సాధనాల మీదో అది చెబుతోంది. రెస్‌డెక్స్‌లో వెతికే పదాలు అందులో ఉన్నాయి. రెండోది చదివిన టెక్నికల్ ప్యానెల్ సభ్యుడికి అడగడానికి ప్రశ్న దొరుకుతుంది: ఒంటిగంటకే ఎందుకు, రెండింటికి ఎందుకు కాదు? ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

ఇంగ్లిష్ సరిచూసుకోవడానికి ఏఐ సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు. మన తెలుగు నోట్సునే ఇచ్చి, తెలుగులోనే ఇలా చెప్పవచ్చు: ‘దీన్ని సరళమైన ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలుగా రాయి. ఇందులో లేని పనిని, లేని అంకెను చేర్చవద్దు. సాధనాల పేర్లు మార్చవద్దు. ఏదైనా తెలియకపోతే ఊహించకుండా నన్ను అడుగు.’ అక్కడితో ఆపేయాలి. ‘ఇంకా ప్రొఫెషనల్‌గా రాయి’ అన్నారంటే వచ్చేది ఇదీ:

```
Utilized enterprise scheduling tools and automated scripting
to proactively mitigate file-delivery issues.
```

ఏం పోయిందో చూడండి. ఒంటిగంట పోయింది, పద్దెనిమిది పోయింది, అయిదు పోయింది. అన్నిటికంటే ముఖ్యంగా `Control-M` అన్న పేరు పోయింది. నేను కంట్రోల్-ఎం తెలిసినవాళ్ల కోసం వెతుకుతున్నప్పుడు షెడ్యూలింగ్ సాధనాలు అని రాసుకున్న మనిషి నా జాబితాలోకి రాకపోవచ్చు. మూడేళ్లు రోజూ వాడిన సాధనం పేరు, మెరుగులు దిద్దడం వల్ల రెజ్యూమె నుంచి మాయమవుతోంది. అందుకని ఏఐ నుంచి తీసుకున్న ప్రతి వాక్యంలోనూ సాధనాల పేర్లు జేడీలో ఉన్నట్టే ఉన్నాయో లేదో మళ్లీ చూసుకోండి. మీకు నిజంగా వచ్చిన సాధనాల పేర్లు మాత్రమే ఉంచండి. జేడీలో ఉంది కదా అని ఏఐ చేర్చిన రాని సాధనం మొదటి ఫోను కాల్‌లోనే బయటపడుతుంది.

ఫ్రెషర్లయితే ఇదంతా ప్రాజెక్టుకు వర్తిస్తుంది. ఈ-కామర్స్ వెబ్‌సైటు చేశామని మీ బ్యాచ్ మొత్తం రాస్తుంది. మీ కోడ్‌లో ఏది పనిచేయలేదో, దాన్ని ఎలా సరిచేశారో ఒక్క పాయింటు రాయండి. వేలమందిని ఒకేసారి తీసుకునే క్యాంపస్ ఎంపికల్లో మాత్రం నడిచేది పరీక్ష మార్కులే, అక్కడ పాయింట్ల మీద రాత్రులు గడపవద్దు.

నాలుగో పని: ప్రతి అంకెకూ లెక్క చూపగలగాలి

పద్దెనిమిది నుంచి అయిదు అని ఎలా చెప్పగలం? మన అమ్మాయి సర్వీస్‌నౌలో తన టీంకు వచ్చిన టికెట్లలో ఫైలు రాకపోవడం గురించినవి మాత్రం వేరు చేసి, స్క్రిప్టు పెట్టక ముందు మూడు నెలలవి లెక్కపెట్టాలి. 17, 20, 17 వచ్చాయనుకుందాం, మొత్తం 54, నెలకు సగటున 18. పెట్టిన తర్వాత మూడు నెలలు 6, 4, 5, మొత్తం 15, సగటున 5. ప్యానెల్ అడిగితే ఇంతే చెప్పాలి. ఏ టికెట్లు, ఏ నెలలు, ఎవరు లెక్కపెట్టారు అన్నవి వచ్చేస్తే ఆ అంకెకు ఢోకా లేదు.

దీన్ని 72 శాతం తగ్గుదల అని కూడా రాయవచ్చు, కానీ రాయవద్దు. శాతం చెబితే అసలు ఎన్ని ఉండేవో తెలియదు, నాలుగు ఒకటయినా 75 శాతమే. పైగా గుండ్రని శాతాలతో విసిగిన కళ్లకు అది కూడా వాటిలో ఒకటిగానే కనిపిస్తుంది. ఎంత ఉండేది ఎంతయింది అన్నది రాస్తే చాలు. లెక్క దొరకని పనికి అంకె పెట్టకండి. ‘నిద్ర లేపే కాల్స్ తగ్గాయి, ఎన్నో లెక్క లేదు’ అన్నది మీ స్థితి అయితే, ఏం చేశారో మాత్రం రాసి వదిలేయండి. ఏఐ ఇచ్చిన ముప్పై శాతాన్ని ఉంచుకున్నవాళ్లను ‘ఎలా కొలిచారు’ అని అడిగినప్పుడు గొంతు తడబడడం నేను చాలాసార్లు విన్నాను. ఆ క్షణం నుంచి రెజ్యూమెలో మిగతా నిజాలను కూడా ప్యానెల్ నమ్మదు.

అయిదో పని: నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి

రెజ్యూమె పీడీఎఫ్ తెరిచి, అంతా ఎంచుకుని కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌కు మీ రెజ్యూమె ఇంచుమించు ఎలా అందుతుందో తెలుస్తుంది. రెండు నిలువు వరుసల డిజైన్ వాడి ఉంటే ఎడమవైపు నైపుణ్యాలు కుడివైపు అనుభవంలో కలిసిపోయి ఉండవచ్చు. ఫోను నంబరును పైన హెడర్‌లో పెట్టి ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని వదిలేస్తాయి. బొమ్మగా పెట్టిన నైపుణ్యాల పట్టీ అసలు కనిపించదు. పైనుంచి కిందికి ఒకే వరుసలో సాదాగా రాసిన రెజ్యూమె ఈ పరీక్షలో ఎప్పుడూ నెగ్గుతుంది.

తెల్ల అక్షరాల్లో జేడీ మొత్తాన్ని దాచిపెడితే సాఫ్ట్‌వేర్‌ను దాటవచ్చని కొందరు సలహా ఇస్తుంటారు. నోట్‌ప్యాడ్‌లో అది నల్లగా బయటపడుతుంది, మా తెర మీద కూడా అంతే. అలాంటిది కనబడ్డాక ఆ రెజ్యూమెను నేను చదవను.

పంపిన తర్వాత: ఎక్కడ ఆగుతోందో ఎలా తెలుస్తుంది

రెండు మూడు వారాలు గమనించండి. అసలు కాల్స్ రావడం లేదంటే పాయింట్లను తిట్టుకోకండి, మీరు వెతుకులాటలోనే దొరకడం లేదు. నౌకరీ ప్రొఫైల్‌లో నైపుణ్యాల గడి, హోదా, నోటీస్ పీరియడ్, ఊరు సరిచూసుకోండి. రాజీనామా ఇచ్చి ఉంటే చివరి పనిదినం తేదీ పెట్టండి, మేము అది చూసే ఫోను చేస్తాం.

రిక్రూటర్ ఫోను చేసి వివరాలు అడిగి, తర్వాత ఇంటర్వ్యూ ఖాయం కాకపోతే కారణం జీతమో నోటీసో కావచ్చు. అవి సరిపోయినా రాలేదంటే మీ రెజ్యూమె హైరింగ్ మేనేజర్ దగ్గర ఆగింది. అతను చదివేది పాయింట్లే. రెండో పనికి తిరిగి వెళ్లి, సగటు వాక్యాలు ఇంకా ఎన్ని మిగిలాయో చూడండి.

ఇంటర్వ్యూదాకా వెళ్లి, మీ రెజ్యూమెలోని పాయింటు గురించి అడిగినప్పుడే తడబడుతున్నారంటే ఆ పాయింటు మీది కాదు. దాన్ని తీసేసి, అదే స్థలంలో మీ నోట్సు నుంచి ఇంకొకటి పెట్టి, మార్చిన ఫైలును ఆ రోజే నౌకరీలోకి ఎక్కించండి.